రెండో ప్రశ్నకు నిలబడే జవాబు



పోయిన ఆదివారం ఏ. పళ్లిపట్టిలో, ఈ ఏడాది చదువు ముగించిన మన పిల్లలకు ఇంగ్లీషులో నమూనా ఇంటర్వ్యూలు పెట్టాం. రాలేకపోయిన వాళ్లు చాలామంది "ఏం అడిగారు, ఏం చెప్పమన్నారు, రాసి పెట్టండి" అని ఫోన్లు చేశారు. అందరి ఇంటర్వ్యూలూ రాస్తే చదివేవాళ్లకు విసుగు, రాసే మాకూ విసుగు. కాబట్టి ఒకే ఒక్క అమ్మాయి ఇంటర్వ్యూ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాం. ఆ అమ్మాయినీ వాళ్ల నాన్ననూ అడిగే రాస్తున్నాం, పేరు మాత్రం రాయడం లేదు. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే పెట్టాం. ఇంట్లో అమ్మానాన్నలు కూడా పైకి చదివి పిల్లల చేత చెప్పించగలగాలని.

ఆ అమ్మాయి బి.ఇ. ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ చదివింది. పన్నెండో తరగతి వరకు తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్ష కాగితం మీద మాత్రమే ఇంగ్లీషు. మన పిల్లల్లో ఎక్కువమంది సంగతి ఇదే. ఇంతకుముందు రెండు కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చింది. రెండు చోట్లా మొదటి ప్రశ్నకు బాగానే చెప్పానంది, ఆ తరవాత నోరు పెగల్లేదంది. ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో టెస్టింగ్ విభాగంలో ట్రెయినీ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. హోసూరులో ఎదురుగా కూర్చునే ఆయనకు తమిళం, కన్నడం, తెలుగు మూడూ వచ్చి ఉండొచ్చు. అయినా ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది, బెంగళూరైనా అంతే. అందుకని మేమూ ఒక కట్టడి పెట్టుకున్నాం. తలుపు తీసి లోపలికి వచ్చాక మామా, చిన్నాన్నా అనే పిలుపులు లేవు, సార్, మేడమ్ మాత్రమే.

అడగడానికి మేము ముగ్గురం కూర్చున్నాం. ఒకరు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన వారు, ఒకరు బెంగళూరులో హెచ్.ఆర్. విభాగంలో ఉన్నవారు, ఇంకొకరు ఇంగ్లీషు టీచరు. ఇరవై నిమిషాలు. బల్ల మీద ఒక ఫోను పెట్టి మాటలన్నీ రికార్డు చేశాం. మా చేతిలో ఒక తెల్ల కాగితం, దాని మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమ పక్క ఆ అమ్మాయి చెప్పిన మాట, కుడి పక్క ఆ మాట వినగానే మాకు అడగాలనిపించిన ప్రశ్న. మేము పెట్టుకున్న పరీక్ష ఇంతే. కుడి పక్క ఖాళీగా ఉంటే ఆ జవాబులో ఏమీ లేదని అర్థం. కుడి పక్క ప్రశ్న పడితే, దానికి అమ్మాయి దగ్గర జవాబు ఉందా లేదా అన్నది తరవాత చూస్తాం.

మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్." అమ్మాయి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది:

"మైసెల్ఫ్ ఫలానా. ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ ఏ. పళ్లిపట్టి. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. ఐ యామ్ హావింగ్ వన్ యంగర్ బ్రదర్. మై హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్ అండ్ రీడింగ్ బుక్స్. మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్ అండ్ పాజిటివ్ థింకింగ్. దట్స్ ఆల్ అబౌట్ మీ."

అరనిమిషంలో అయిపోయింది. కాగితం కుడి పక్క చూసుకుంటే ముగ్గురికీ ఖాళీ. "రీడింగ్ బుక్స్" దగ్గర మాత్రం టీచరుగారు ఒక ప్రశ్న రాసుకున్నారు, ఈమధ్య ఏ పుస్తకం చదివావు అని. అడిగితే అమ్మాయి నేల చూపులు చూసింది. పుస్తకం చదవకపోవడం తప్పేమీ కాదు. చదవని పుస్తకాన్ని తనే బల్ల మీద పెట్టడంతోనే వచ్చింది చిక్కు.

ఇందులో వ్యాకరణం తప్పులు రెండు మూడు ఉన్నాయి. "మైసెల్ఫ్ ఫలానా" అనకూడదు, "ఐ యామ్ ఫలానా" చాలు. "ఐ యామ్ హావింగ్ వన్ బ్రదర్" కాదు, "ఐ హావ్ ఎ బ్రదర్". "లిజనింగ్ టు మ్యూజిక్" అనాలి. వీటిని పది నిమిషాల్లో దిద్దొచ్చు. మేము ఎక్కువసేపు మాట్లాడింది వాక్యం కట్టే తీరు గురించి. తెలుగులోనూ తమిళంలోనూ క్రియ చివర్లో వస్తుంది. "మట్టి ఎండిపోయినప్పుడు పంపును నడిపే చిన్న యంత్రం చేశాము" అంటాం, "చేశాము" అన్నది ఆఖరున వస్తుంది. ఇంగ్లీషులో అది రెండో మాటగానే వచ్చేయాలి. పిల్లలు తెలుగులో వాక్యం పూర్తిగా తయారుచేసుకుని, దాన్ని వెనక నుంచి తిప్పడానికి చూస్తారు, నడుమ దారి తప్పుతారు. అప్పుడే "ఆక్చువల్లీ", "బేసికల్లీ" అని సాగదీయడం మొదలవుతుంది. దీనికి టీచరుగారు చెప్పిన మందు ఒకటే. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఈ మూడు ముక్కలతో వాక్యం ఆపేయాలి. మిగతాది ఇంకో వాక్యం. పది మాటలకు ఒక చుక్క పడాలి.

ఆ లెక్కన అమ్మాయి చేతనే మళ్లీ చెప్పించాం. అరగంట పట్టింది. చివరకు వచ్చింది ఇది:

"గుడ్ మార్నింగ్ సార్. ఐ కంప్లీటెడ్ మై బి.ఇ. ఇన్ ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ దిస్ ఇయర్. ఐ యామ్ ఫ్రమ్ ఏ. పళ్లిపట్టి, ఎ విలేజ్ ఇన్ ధర్మపురి డిస్ట్రిక్ట్. మై ఫ్యామిలీ గ్రోస్ టాపియోకా. ఫర్ మై ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, త్రీ ఆఫ్ అస్ బిల్ట్ ఎ స్మాల్ సిస్టమ్. ఇట్ స్టార్ట్స్ ఎ వాటర్ పంప్ వెన్ ది సాయిల్ ఈజ్ డ్రై. ఐ డిడ్ ది వైరింగ్ అండ్ ది టెస్టింగ్. ఐ ఫౌండ్ దట్ ఐ లైక్ టెస్టింగ్. దట్ ఈజ్ వై ఐ అప్లైడ్ ఫర్ దిస్ జాబ్."

నిమిషం లోపే. నాన్న, తమ్ముడు, హాబీ, పాజిటివ్ థింకింగ్ అన్నీ పోయాయి. కానీ నాన్న చేసే సేద్యం మాత్రం ఉండిపోయింది, "టాపియోకా" అన్న మాటలో. మన ఊళ్లో మరవల్లి గడ్డ అంటాం, తెలుగు నాట కర్రపెండలం. సేలం, ధర్మపురి తెలిసినవాడికి ఆ మాట వినగానే జవ్వరిసి మిల్లులు గుర్తొస్తాయి, ఒక మాట అడగాలనిపిస్తుంది. కుడి పక్క ఇప్పుడు నాలుగు ప్రశ్నలు పడ్డాయి. పంపు ఎలా నడుస్తుంది? నువ్వు చేసిన వైరింగ్ ఏమిటి? టెస్టింగ్ ఎలా చేశావు? టెస్టింగ్ ఎందుకు నచ్చింది? నాలుగింటికీ జవాబు అమ్మాయి చేతుల్లో ఉంది, ఎందుకంటే నాలుగూ తను చేసినవే. మొదటి జవాబుకు ఉన్న గొప్ప వాడుక ఇదే. తరవాతి పది నిమిషాలు ఏం అడగాలో ఎదుటివాళ్లకు మనమే అందిస్తున్నాం.

రెండో ప్రశ్న ప్రాజెక్టు గురించి. కొత్తగా చదువు ముగించిన వాళ్లకు ఉద్యోగ అనుభవం ఉండదు కాబట్టి, ఇంజనీరింగ్ పిల్లల ఇంటర్వ్యూలో ఎక్కువ భాగం దీని చుట్టే తిరుగుతుంది. "ఎక్స్‌ప్లెయిన్ యువర్ ప్రాజెక్ట్" అనగానే అమ్మాయి రిపోర్టు మొదటి పేజీ అప్పజెప్పింది. వ్యవసాయం దేశానికి వెన్నెముక, నీరు ఆదా అవుతుంది, సమయం ఆదా అవుతుంది, రైతుకు లాభం. మాలో ఫ్యాక్టరీ ఆయన అడ్డుకుని అడిగారు: "వాట్ డిడ్ యు డూ?"

"వి మేడ్ ది సర్క్యూట్, సార్."

"నాట్ వి. యు."

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పాలి. మన ఇళ్లలో "నేను చేశాను" అంటే గొప్పలు చెప్పుకోవడం. అందుకే పిల్లలు "మేము" వెనక దాక్కుంటారు. (మేము కూడా ఈ వ్యాసమంతా "మేము" అనే రాస్తున్నాం, సంఘం పని కాబట్టి అది సరే.) ఇంటర్వ్యూలో మాత్రం "వి" అంటే ఎదుటివాడు ఇంకోలా అనుకుంటాడు. పని పక్కవాడు చేశాడు, ఈ పిల్ల పేరు రిపోర్టులో ఉంది, అంతే అని. ముగ్గురు కలిసి చేసినదాన్ని "త్రీ ఆఫ్ అస్" అని ఒక్కసారి చెప్పి, ఆ తరవాత తను చేసిన ముక్కను "ఐ" అని చెప్పాలి.

అలా చెప్పమంటే అసలు సంగతి బయటకు వచ్చింది. వాళ్లు మట్టిలో తేమ చూసే సెన్సారును ఒక ఆర్డుయినో బోర్డుకు కలిపారు. సెన్సారు ఒక అంకె ఇస్తుంది. మట్టి ఎండేకొద్దీ అంకె పెరుగుతుంది. అంకె 600 దాటితే పంపు నడవాలి, తగ్గితే ఆగాలి అని మొదట పెట్టుకున్నారు. పంపు పెడితే టకటకా ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని కొట్టుకుంది. సెన్సారు అంకె ఒకచోట నిలవదు, 598, 602, 599 అని ఊగుతూ ఉంటుంది. ప్రతి ఊపుకీ పంపు ఆగి నడిచింది. ఈ అమ్మాయి అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకుని, ఊగడం వల్లే ఇలా జరుగుతోందని పట్టుకుంది. అప్పుడు రెండు హద్దులు పెట్టింది. 600 దాటితే నడవాలి, 450కి దిగితేనే ఆగాలి. నడుమ ఎంత ఊగినా పంపు చలించదు. దీనికి ఇంజనీరింగులో హిస్టెరిసిస్ అని పేరుంది. ఆ పేరు అమ్మాయికి పరీక్ష కోసం తెలుసు, కానీ తను చేసింది అదేనని అప్పటి వరకు తట్టలేదు. ఇంత మంచి సంగతిని పక్కన పెట్టి, దేశానికి వెన్నెముక అని చెబుతోంది!

జవాబు ఇలా కుదిరింది:

"ది పంప్ వాజ్ స్విచింగ్ ఆన్ అండ్ ఆఫ్ టూ మెనీ టైమ్స్. ఐ రోట్ డౌన్ ది సెన్సార్ రీడింగ్స్ అండ్ సా దట్ దే వర్ నాట్ స్టెడీ. సో ఐ యూజ్డ్ టూ లిమిట్స్ ఇన్‌స్టెడ్ ఆఫ్ వన్. ది పంప్ స్టార్ట్స్ అబవ్ 600 అండ్ స్టాప్స్ బిలో 450. ఆఫ్టర్ దట్, ది ప్రాబ్లమ్ స్టాప్డ్."

ఇందులో చూడండి, చిక్కు ఏమిటో ఉంది, తను ఏం చేసిందో ఉంది, అంకె ఉంది, ఫలితం ఉంది. ఇంగ్లీషు ఎనిమిదో తరగతి ఇంగ్లీషే. టెస్టింగ్ విభాగం వాళ్లకు ఇంతకన్నా తీపి మాట ఉండదు.

కానీ ఫ్యాక్టరీ ఆయన వదల్లేదు. కుడి పక్క రాసుకున్న ప్రశ్న తీశారు. "యువర్ ఫాదర్ హ్యాజ్ ఎ 5 హెచ్.పి. మోటార్. కెన్ యువర్ రిలే రన్ దట్ మోటార్?" రిలే అంటే ఆ బోర్డు చెప్పినట్టు కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు. అమ్మాయి వెంటనే "యెస్ సార్" అంది. ఇంటర్వ్యూల్లో చాలామంది పడిపోయేది ఇక్కడే. "నో" అంటే ప్రాజెక్టు పనికిరాదనుకుంటారేమోనని భయం. వాస్తవం ఏమిటంటే, వాళ్లు నమూనాలో నడిపింది 12 వోల్టుల బుల్లి పంపు. బావి మీది 5 హెచ్.పి. మోటారు మూడు ఫేజుల మీద నడుస్తుంది, నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. ఆ బుల్లి రిలే కలిపేది ఒక్క తీగనే, మొదటి ఊపుకే కాలిపోతుంది లేదా అతుక్కుపోతుంది. అయితే దారి లేదా అంటే ఉంది. మోటారు పక్కన గోడకు ఉండే స్టార్టరులో ఒక కాయిల్ ఉంటుంది. రిలే ఆ కాయిల్‌ను నడిపితే చాలు, మోటారు భారం స్టార్టరు మోస్తుంది. వాళ్ల నాన్న వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. స్టార్టరు మాట వినగానే ఆయనే ముందు తల ఊపారు, పచ్చ బటన్ నొక్కి మోటారు వేసేది రోజూ ఆయనే మరి.

"నో సార్. అవర్ రిలే కెనాట్ రన్ ఎ 5 హెచ్.పి. మోటార్. ఇన్ అవర్ మోడల్ వి యూజ్డ్ ఎ స్మాల్ 12 వోల్ట్ పంప్. ఫర్ ది రియల్ మోటార్, ది రిలే షుడ్ స్విచ్ ఓన్లీ ది స్టార్టర్ కాయిల్. వి డిడ్ నాట్ టెస్ట్ దట్."

చివరి వాక్యం తీసేయమని అమ్మాయి బతిమాలింది. మేము ఉంచమన్నాం. టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చిన పిల్ల, పరీక్షించనిదాన్ని పరీక్షించలేదు అని చెప్పగలగడమే ఆ కుర్చీకి కావలసిన గుణం. పూర్తిగా తెలియని ప్రశ్న వచ్చినా ఇదే దారి. "ఐ డోంట్ నో" అని ఊరుకోకుండా, తెలిసిన గట్టు దాకా వెళ్లి ఆగాలి: "ఐ నో హౌ ది సెన్సార్ గివ్స్ ది రీడింగ్. ఐ డు నాట్ నో వాట్ ఈజ్ ఇన్‌సైడ్ ది సెన్సార్." ఊహించి చెబితే మాత్రం రెండు నిమిషాల్లో పట్టేస్తారు. మేమే పట్టేశాం, వాళ్లు రోజూ చేసే పని అది.

మూడోది బలహీనత గురించి. "వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్?" అమ్మాయి "ఐ వర్క్ టూ హార్డ్" అంది. ముగ్గురం నవ్వాం. ఈ జవాబు ఎవరు కనిపెట్టారో గానీ, వినీ వినీ హెచ్.ఆర్. వాళ్ల చెవులు తూట్లు పడి ఉంటాయి. అలాగని ఇంట్లో తిట్టే తిట్లన్నీ అక్కడ చెప్పనక్కర్లేదు. పనికి సంబంధించిన ఒక నిజమైన లోపం, దానివల్ల జరిగిన ఒక నష్టం, ఇప్పుడు దానికి చేస్తున్నది, ఈ మూడు చాలు. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది:

"ఎర్లియర్, ఐ యూజ్డ్ టు రైట్ రీడింగ్స్ ఆన్ లూజ్ పేపర్స్. వన్స్ ఐ లాస్ట్ దెమ్, అండ్ వి రిపీటెడ్ టూ డేస్ ఆఫ్ వర్క్. నౌ ఐ రైట్ ఎవ్రీథింగ్ ఇన్ వన్ నోట్‌బుక్, విత్ డేట్ అండ్ టైమ్."

ఆ నోటుబుక్కును ఇంటర్వ్యూకు తీసుకెళ్లమన్నాం. "కెన్ ఐ సీ ఇట్?" అని అడగకపోతే ఆశ్చర్యపోవాలి.

తరవాత మార్కుల కాగితం చూసి ఆరియర్ గురించి అడిగాం. మూడో సెమిస్టరులో మ్యాథమెటిక్స్ పోయింది, తరవాత రాసి పాసైంది. అమ్మాయి ఆ పేపరు చాలా కష్టంగా ఇచ్చారనీ, సరిగ్గా చెప్పలేదనీ మొదలుపెట్టింది. నిజమే కావచ్చు. కానీ ఇంటర్వ్యూలో మన పాత గురువును నిందిస్తే, రేపు తమనూ ఇలాగే అంటుందని వినేవాడు అనుకుంటాడు. ఇలా నాలుగు వాక్యాలు చాలు: "యెస్ సార్, ఐ ఫెయిల్డ్ ఇన్ మ్యాథమెటిక్స్ ఇన్ ది థర్డ్ సెమిస్టర్. ఐ కేమ్ ఫ్రమ్ తమిళ్ మీడియం, అండ్ ఐ వాజ్ స్లో విత్ ది ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్స్. ఐ క్లియర్డ్ ఇట్ ఇన్ ది నెక్స్ట్ అటెంప్ట్. ఐ హావ్ నో ఆరియర్స్ నౌ." చెప్పేసి ఆగిపోవాలి. ఆగాక వచ్చే నిశ్శబ్దాన్ని భరించడం కష్టం, అందుకే పిల్లలు ఇంకో నాలుగు మాటలు కలిపి చెడగొట్టుకుంటారు. ఆ ఒక్కదాన్నే అయిదుసార్లు చేయించాం.

ఇక అసలు గండం వచ్చింది. "ఆర్ యు విల్లింగ్ టు వర్క్ ఇన్ షిఫ్ట్స్? కెన్ యు స్టే ఇన్ హోసూర్?" అమ్మాయి జవాబు చెప్పకుండా వెనక్కి తిరిగి వాళ్ల నాన్నను చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇది ఇంగ్లీషుతో తీరే ప్రశ్న కాదు. ఇంటర్వ్యూ అక్కడే ఆపేశాం. టీ తాగుతూ ఆయనతో తెలుగులో మాట్లాడాం. ఆయనకు ఉద్యోగం మీద కోపం లేదు. రాత్రి షిఫ్టు అయ్యాక పిల్ల ఎలా వస్తుంది, ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, ఇవీ ఆయన ప్రశ్నలు. ఒక్కటీ తప్పుడు ప్రశ్న కాదు. మాలో హెచ్.ఆర్. పని చేసేవారు ఒక మాట అన్నారు: "మామా, ఇవన్నీ మీరు ఇంట్లో అడిగితే పిల్ల దగ్గర జవాబు ఉండదు. పిల్ల అక్కడ అడిగితే కంపెనీ జవాబు చెప్పాలి." ఆయన కాసేపు ఆలోచించి, "హాస్టలు, బండి రెండూ ఉంటే సరే. లేకపోతే వద్దు. ముందే అడగమనండి" అన్నారు. ఆయన ఆ మాట అనే దాకా ఆ పిల్ల దగ్గర చెప్పడానికి జవాబే లేదు. పాత రెండు ఇంటర్వ్యూల్లో ఇదే ప్రశ్నకు "ఐ విల్ ఆస్క్ మై ఫాదర్" అని వచ్చిందని అప్పుడే తెలిసింది. ఆ మాట అన్నాక వాళ్లు మిగతా ప్రశ్నలు గబగబా ముగించేశారట.

ఆ తరవాత జవాబు తనంత తానే వచ్చింది:

"యెస్ సార్. ఐ డిస్కస్డ్ ఇట్ విత్ మై ఫ్యామిలీ. ఐ కెన్ స్టే ఇన్ హోసూర్ అండ్ వర్క్ ఇన్ షిఫ్ట్స్, ఇఫ్ హాస్టల్ అండ్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్ ప్రొవైడెడ్. మే ఐ నో హౌ ది కంపెనీ అరేంజెస్ దెమ్ ఫర్ ది నైట్ షిఫ్ట్?"

షరతు పెడితే ఉద్యోగం పోతుందేమో అని ఒకరిద్దరు సభ్యులు గొణిగారు. పోవచ్చు. చేరి నెల తిరగకుండా ఇంటికి వచ్చేయడం కన్నా అది నయమని మా అభిప్రాయం.

జీతం గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ట్రెయినీకి బేరం ఆడే చోటు తక్కువ. అయితే కాగితం మీద చెప్పే సి.టి.సి.లో కంపెనీ కట్టే పి.ఎఫ్. లాంటివి కూడా కలిసి ఉంటాయి కాబట్టి, చేతికి వచ్చేది తక్కువ. "మే ఐ నో ది టేక్-హోమ్ పే పర్ మంత్?" అని మర్యాదగా అడగొచ్చు, అడగాలి కూడా. ఇన్నేళ్లు పని చేయాలని ఒప్పందం ఉంటే "హౌ లాంగ్ ఈజ్ ది సర్వీస్ అగ్రిమెంట్?" అని అడిగి, ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టాలి. అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, జిరాక్సులే ఇచ్చి రావాలి. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు కట్టమన్నవాడి దగ్గర ఇంటర్వ్యూ అక్కడితో ముగిసినట్టే.

ఇంట్లో సాధన ఎలా అని అడిగిన వాళ్లకు ఒక మాట. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా ఇంటర్వ్యూ చేయొచ్చు. పిల్ల తన పని గురించి ముందు తెలుగులో చెప్పాలి. మీరు మూడే మాటలు అడగండి: "ఎందుకు?", "ఎంత?", "నువ్వేం చేశావు?" తెలుగులో తడబడిన చోట ఇంగ్లీషులోనూ తడబాటే, అక్కడ లోపం భాషది కాదు, విషయానిది. తెలుగులో నిలబడ్డాక ఇంగ్లీషులో చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. విన్నప్పుడు "ఆక్చువల్లీ" ఎన్నిసార్లు వచ్చిందో పిల్లే లెక్కపెట్టుకుంటుంది. ఈ అమ్మాయికి మొదటి రికార్డులో పద్నాలుగు వచ్చాయి, సాయంత్రం చేసిన చివరి రికార్డులో మూడు. బట్టీ మాత్రం పట్టించొద్దు. పైన మేము రాసిన జవాబులు ఈ అమ్మాయివి, పంపూ నోటుబుక్కూ ఈ అమ్మాయివి. ఇవే మాటలు మీ పిల్ల చెబితే, మొదటి ప్రశ్న దాటుతుందేమో గానీ రిలే దగ్గర ఆగిపోతుంది.

నమూనా ఇంటర్వ్యూతో తీరనివీ ఉన్నాయి. చాలా కంపెనీలు ముందు రాత పరీక్ష పెడతాయి. లెక్కలు, తర్కం ప్రశ్నలు దాటితేనే ఈ గది తలుపు తెరుచుకుంటుంది. దానికి వేరే సాధన కావాలి. ఇంకోటి, మేము ఎంత గంభీరంగా కూర్చున్నా పిల్లలకు మేము తెలిసిన ముఖాలమే. అందుకే వచ్చేసారి ఇక్కడి పిల్లలను హరూరులోని మన వాళ్లు అడుగుతారు, అక్కడి పిల్లలను మేము అడుగుతాం.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మళ్లీ పెడుతున్నాం. వచ్చే పిల్లలు బయోడేటా కాపీలు రెండు, మార్కుల కాగితాల జిరాక్సు, ప్రాజెక్టు చేసిన నోటుబుక్కు ఉంటే అది, చార్జి ఉన్న ఫోను తెచ్చుకోవాలి. అమ్మానాన్నల్లో ఒకరైనా తోడు రావాలి, షిఫ్టు ప్రశ్న ప్రతి ఒక్కరికీ అడుగుతాం. ఈ అమ్మాయి హోసూరు ఇంటర్వ్యూ ఆ తరవాతి బుధవారం. ఆదివారం తను కూడా వస్తోంది, ఈసారి స్టార్టరు కాయిల్ బొమ్మ గీసి చూపిస్తానంది.